రిటైరయ్యే సహోద్యోగికి వీడ్కోలు వీడియో: మాటలు ఎలా అడగాలి, ఎలా కలపాలి

"మా మేడం రిటైర్ అవుతున్నారు, అందరి చేతా తలో మాట చెప్పించి ఒక వీడియో చేద్దామనుకుంటున్నాం, స్క్రిప్టు ఉంటే పంపండి" అని నెలాఖరు దగ్గర పడే కొద్దీ అడుగుతూనే ఉంటారు. ఇలాంటి వీడియోకి ముందే రాసిపెట్టిన స్క్రిప్టు పనికిరాదు. స్క్రిప్టు వచ్చిన క్లిప్పుల్లోంచి తయారవుతుంది. మీరు ముందుగా రాయాల్సింది ప్రశ్నలు. అవి సరిగ్గా లేకపోతే పద్దెనిమిది మంది వచ్చి ఒకే మాట చెబుతారు: "మేడం చాలా మంచివారు, ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాను." మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఫోన్లు బయటికి వస్తాయి.

ఉదాహరణకు ఒక సబ్ ట్రెజరీ ఆఫీసు అనుకుందాం. సీనియర్ అకౌంటెంట్ మేడం 31న రిటైర్ అవుతున్నారు. మాట్లాడేవాళ్లు 18 మంది, వీడియో 8 నిమిషాల లోపు. మీది స్కూలైనా బ్యాంకు శాఖైనా లెక్క ఇదే.

కావలసినవి

- ఒక మంచి ఫోన్, వీలుంటే ఎడిటింగ్‌కి ఒక కంప్యూటర్. ఫోన్‌లోనే చేస్తే కనీసం 10 జీబీ ఖాళీ ఉండాలి.
- అందరి పేర్లూ హోదాలూ ఉన్న కాగితం.
- పాత ఫోటోలు ఆరు నుంచి పది. ఇంట్లోవాళ్ల దగ్గర రెండు, మిగతావి ఆఫీసువి.
- ఒక పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్లు.
- రెండు వారాల సమయం. వారంలో కూడా అవుతుంది కానీ చివరి రెండు రాత్రులూ నిద్ర ఉండదు.

ప్రభుత్వ ఉద్యోగి రిటైరయ్యేది పుట్టిన నెల ఆఖరి రోజున (1వ తేదీన పుట్టినవాళ్లయితే ముందు నెల ఆఖరున). కాబట్టి తేదీ ఎప్పుడో తెలిసిందే. ఆ రోజు ఆదివారమో సెలవో అయితే సభ ముందు పనిదినానికి జరుగుతుంది. అది చూసుకుని వెనక్కి లెక్క వేసుకోండి. 31న సభ అయితే 17న ప్రశ్నలు వెళ్లాలి, 22 గడువు, 27కి మొదటి కూర్పు, 30న హాల్లో పరీక్ష. 22 అని చెప్పిన గడువుకు సగం మందే పంపుతారు. మిగతా సగం 25 దాకా వస్తూ ఉంటాయి. అందుకే అసలు గడువు 25ని మనసులో పెట్టుకుని 22 అని చెప్పాలి.

1. పేర్ల జాబితా

హాజరు పట్టీ ముందు పెట్టుకుని పేర్లు రాయండి. కానీ అది ఒక్కటే చాలదు. ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరు, స్వీపరు, రాత్రి కాపలా మనిషి పేర్లు ఆ పట్టీలో ఉండకపోవచ్చు. బదిలీ అయి వెళ్లినవాళ్లు, ముందే రిటైరైనవాళ్లు అసలు ఉండరు. వీడియోలో ఎన్ని లోపాలున్నా మన్నిస్తారు గానీ, ఒక మనిషిని వదిలేస్తే ఆ మాట ఆఫీసులో ఏళ్ల తరబడి తిరుగుతుంది. జాబితా రాశాక ఆఫీసులో అందరికన్నా పాత అటెండరుకు చూపించండి. వదిలేసిన పేరు ఆయనే చెబుతాడు.

18 మందికీ తలా 20 సెకన్లంటే 6 నిమిషాలు. ఫోటోలకు 40 సెకన్లు, మధ్యలో కలిపే మాటలకు 30, చివర అందరి శుభాకాంక్షలకు తలా రెండు చొప్పున 36. మొత్తం 7 నిమిషాల 46 సెకన్లు. ముప్పై మంది ఉంటే మనిషికి 20 సెకన్లు ఇవ్వకండి. పన్నెండు మందిని విడివిడిగా తీసి, మిగతావాళ్లను సెక్షన్ల వారీగా ముగ్గురు నలుగురు కలిసి నిలబడి ఒక మాట చెప్పేలా చేయండి.

2. మనిషికో ప్రశ్న

"మేడం గురించి నాలుగు మాటలు చెప్పండి" అని మాత్రం అడగవద్దు. ఆ మనిషికి మాత్రమే తెలిసింది అడగండి. ట్రెజరీ ఉదాహరణలో ఇలా:

- పక్క సీటు జూనియర్ అకౌంటెంట్: మీరు చేరిన కొత్తలో మేడం దిద్దిన మొదటి తప్పు ఏది? అప్పుడు ఏం చేశారు?
- అటెండరు: మేడం పొద్దున సీట్లో కూర్చోగానే మొదట చేసే పని ఏమిటి?
- ఎస్టీఓ, అంటే సబ్ ట్రెజరీ ఆఫీసరు గారు: మార్చి 31 రాత్రి బిల్లుల హడావుడిలో మేడం చేసిన ఒక పని చెప్పండి.
- బదిలీ అయినవాళ్లు: ఇప్పటికీ ఏ సందేహం వస్తే మేడంకి ఫోన్ చేస్తారు?
- రిటైరైన పాత సహోద్యోగి: మేడం ఈ ఆఫీసులో చేరిన రోజు మీకు ఏం గుర్తుంది?
- స్వీపరు: మేడం మిమ్మల్ని ఏమని పిలుస్తారు, ఏం అడుగుతారు?

"ఏ రోజు", "ఏ పని", "ఏమన్నారు" అని అడిగితే సంఘటన వస్తుంది. "ఎలాంటివారు" అని అడిగితే విశేషణాలు వస్తాయి. ఒకే ప్రశ్న ఇద్దరికి ఇవ్వకండి. ఇచ్చారంటే రెండో క్లిప్పు మొదటిదానికి నకలులా ఉంటుంది.

పంపే సందేశం ఇలా ఉంటే చాలు:

"నమస్కారం అండి. మన మేడం గారు ఈ నెల 31న రిటైర్ అవుతున్నారు కదా. వారికి తెలియకుండా చిన్న వీడియో చేస్తున్నాం. మీకు ఒకే ప్రశ్న: మీరు చేరిన కొత్తలో మేడం గారు దిద్దిన మొదటి తప్పు ఏది? అప్పుడు ఏం చేశారు? 20 సెకన్లలో చెప్పండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. మీ పేరు, హోదా మేమే రాస్తాం, శుభాకాంక్షలు వేరే తీస్తాం, కాబట్టి నేరుగా విషయంలోకి రండి. 22 రాత్రికల్లా నా నంబరుకు డాక్యుమెంట్‌గా పంపండి, గ్రూపులో పెట్టకండి."

ఇది ఒక్కొక్కరికీ విడిగా పంపాలి. ఆఫీసు గ్రూపులో మేడం ఉంటారు. కొత్త గ్రూపు తెరిచినా, అలవాటు కొద్దీ పాత గ్రూపులో క్లిప్పు పడేసేవాళ్లు ఒకరైనా ఉంటారు.

ఏం మాట్లాడకూడదో కూడా ముందే చెప్పండి. ఆఫీసు తగాదాలు, ఆగిన ప్రమోషను, వయసు మీద జోకులు వద్దు. ఇంట్లోవాళ్ల ప్రస్తావన తేవాలంటే ముందు ఆ ఇంటివాళ్లను ఒకసారి అడగండి. ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఆ ఊసు సభలో తగలకూడని చోట తగులుతుంది.

3. తీసుకునేటప్పుడు

ఫోన్ అడ్డంగా ఉండాలి. మనిషి ముఖం కిటికీ వైపు, కిటికీ ఫోన్ వెనక. మనిషి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో బాగు చేయలేరు. సీలింగ్ ఫ్యాను ఆపించండి. ఫోన్ నుంచి మనిషి దూరం ఒక మీటరు దాటితే గొంతుకన్నా గది మోతే ఎక్కువ వినిపిస్తుంది. రికార్డింగ్ నొక్కాక రెండు సెకన్లు ఆగి మొదలుపెట్టమనండి, అయ్యాక మరో రెండు సెకన్లు కదలకుండా ఉండమనండి. ఆ నాలుగు సెకన్లు లేకపోతే మొదటి అక్షరం తెగిపోయి "నేను" కాస్తా "ను" అవుతుంది.

కాగితం చూసి చదివేవాళ్ల కళ్లు పక్కకు కదలడం తెరమీద బాగా తెలుస్తుంది. అలాంటివాళ్లకు ఫోన్ పక్కనే మీరు నిలబడి ప్రశ్న అడగండి, మీకే జవాబు చెప్పమనండి. మీ ప్రశ్న వీడియోలో ఉండదు కాబట్టి జవాబు పూర్తి వాక్యంగా రావాలి. "పెన్సిలు" అంటే ఎవరికీ అర్థం కాదు. "మేడం పొద్దున రాగానే మొదట పెన్సిలు చెక్కుకుంటారు" అనాలి.

ట్రెజరీ, బ్యాంకు, ఆసుపత్రి లాంటి చోట్ల వెనక ఏం కనిపిస్తోందో చూసుకోండి. కంప్యూటర్ తెరమీద ఎవరి ఖాతా నంబరో, టేబుల్ మీద ఎవరి పెన్షను పుస్తకమో స్పష్టంగా పడుతుంది. తెర ఆపి, టేబులు సర్ది తీయండి.

కెమెరా ముందు నిలబడలేమనేవాళ్లను బలవంతపెట్టకండి. వాయిస్ మెసేజ్ తీసుకుని, మేడంతో వాళ్లు కలిసి ఉన్న ఫోటో మీద వేయండి. చాలాసార్లు వీడియోలో బాగా వచ్చేవి అవే.

చివరి శుభాకాంక్షల కోసం ప్రతి ఒక్కరి దగ్గరా రెండో చిన్న క్లిప్పు తీసుకోండి. ఒకే ఒక్క మాట: "మేడం గారూ, నమస్కారం" లేదా చేయి ఊపడం. రెండు సెకన్లు చాలు.

4. క్లిప్పులు చేరవేయడం

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, పెద్ద తెరమీద ముఖం గళ్లు గళ్లుగా విరుగుతుంది. అటాచ్ గుర్తు నొక్కి "డాక్యుమెంట్" ఎంచుకుని పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. 2 జీబీ దాకా పంపవచ్చు. మామూలు ఫోన్‌లో 1080పీలో తీసిన 20 సెకన్ల క్లిప్పు పదుల ఎంబీల్లో ఉంటుంది. మీకు వచ్చింది 3, 4 ఎంబీలే ఉంటే కుదించినదే. వెంటనే మళ్లీ అడగండి, రెండు రోజులు ఆగితే అసలుది వాళ్ల ఫోన్‌లోంచి పోతుంది. నెట్ సరిగ్గా లేనివాళ్ల దగ్గరికి మీరే వెళ్లి మీ ఫోన్‌తో తీసుకోవడం సులువు.

వచ్చిన ప్రతి ఫైలుకూ ఆ నిమిషమే పేరు మార్చండి. `VID-20250322-WA0007.mp4` లాంటివి ఇరవై పోగుపడితే ఎవరిదేదో తెలియదు. `07_attender.mp4`, `07_attender_hi.mp4` అని పెట్టుకుంటే చాలు. అసలు ఫైళ్లను వేరే ఫోల్డరులో ముట్టుకోకుండా ఉంచండి.

5. ఇప్పుడు స్క్రిప్టు

అన్ని క్లిప్పులూ ఒకసారి విని, ప్రతి దానిలో అసలు ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కాగితం మీద రాసుకోండి. మీరెంత చెప్పినా, కొందరు ఇలాగే పంపుతారు:

"అందరికీ నమస్కారం. నేను ఇక్కడ జూనియర్ అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మేడం గారి పదవీ విరమణ సందర్భంగా మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మేడం గారు చాలా మంచివారు, ఓపిక ఎక్కువ. నేను చేరిన కొత్తలో ఒక జీతాల బిల్లు చూసి మేడం దగ్గర పెట్టాను. ఏమీ అనలేదు, పెన్సిలుతో ఒకచోట చిన్న సున్నా చుట్టి వెనక్కి ఇచ్చారు. తప్పేమిటో నేనే కనుక్కోవాలి. అరగంట పట్టింది. పద్దు నంబరు తప్పు. మళ్లీ ఆ తప్పు చేయలేదు. మేడం గారు ఆయురారోగ్యాలతో, అష్టైశ్వర్యాలతో..."

ఉంచాల్సింది "నేను చేరిన కొత్తలో" నుంచి "మళ్లీ ఆ తప్పు చేయలేదు" దాకా. 45 సెకన్లది 20కి వస్తుంది. "చాలా మంచివారు" తీసేస్తే బాధపడతారేమో అనిపిస్తుంది. సున్నా చుట్టిన పెన్సిలు ఆ సంగతే చెబుతోంది. మాట మధ్యలో మాత్రం కోయకండి. "కానీ" ముందున్న భాగం ఉంచి తర్వాతది తీసేస్తే చెప్పిన అర్థమే మారిపోతుంది.

తర్వాత వరుస. కాలక్రమం అన్నిటికన్నా సులువు: మేడం చేరిన రోజు తెలిసిన పాత సహోద్యోగితో మొదలుపెట్టి, ఈ ఏడాది చేరిన కుర్రాడి దాకా. ఒకదాని మాట ఇంకోదానిలో వినిపిస్తే ఆ రెండూ పక్కపక్కన పెట్టండి. పెన్సిలు చెక్కుకుంటారని అటెండరు చెప్పిన వెంటనే పెన్సిలుతో సున్నా చుట్టిన సంగతి వస్తే, హాల్లో నవ్వు దానంతటదే వస్తుంది.

ఆఫీసరు గారిని ఎక్కడ పెట్టాలన్నది ప్రతిచోటా వచ్చే పేచీ. మొదట పెడితే వీడియో సభలో ఉపన్యాసంలా మొదలవుతుంది. చివరి నుంచి రెండోది సరైన చోటు, ఆ తర్వాత రోజూ మేడంకి టీ తెచ్చిన మనిషి మాట. ఈ వరుస ఎస్టీఓ గారికి ముందే చెప్పి ఒప్పించండి, సభలో చూసి తెలుసుకోకూడదు.

కలిపే మాటలు నాలుగైదుకు మించకూడదు, ఒక్కోటి ఒక వాక్యం. మా ట్రెజరీ ఉదాహరణకు ఇలా రాసుకోవచ్చు:

- 0:00 ఖాళీ సీటు, టేబుల్ మీద పెన్సిలు. గొంతు: "ఈ సీటు దగ్గరికి రాకుండా ఈ ఆఫీసులో బిల్లు కదిలేది కాదు."
- 0:15 పాత ఫోటోలు, కింద సంవత్సరం మాత్రమే.
- 0:55 పాత సహోద్యోగులు నలుగురు.
- 2:15 గొంతు: "తర్వాత చేరినవాళ్లకు బడి ఇదే." అటెండరు, జూనియర్లు, ఆపరేటరు.
- 5:00 గొంతు: "బదిలీ అయినా ఫోను ఆగలేదు." వేరే ఊళ్లవాళ్లు.
- 6:30 గొంతు: "ఇక మార్చి 31." ఎస్టీఓ గారు, ఆపైన టీ తెచ్చే ఆయన.
- 7:10 రెండేసి సెకన్ల నమస్కారాలు, అందరూ.

6. కుట్టడం

ఫోన్‌లో ఏ ఎడిటింగ్ యాప్ అయినా సరిపోతుంది. మొదలుపెట్టే ముందే పది సెకన్ల ముక్క సేవ్ చేసి వాటర్‌మార్క్ పడుతోందేమో చూసుకోండి. ప్రాజెక్టును 16:9, 1080పీ, 30 ఫ్రేములకు పెట్టండి.

నిలువుగా తీసిన క్లిప్పును సాగదీసి నింపవద్దు, ముఖాలు ఉబ్బుతాయి. అదే క్లిప్పును మసకబార్చి వెనక నింపి, అసలుది మధ్యలో ఉంచండి.

బొమ్మకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది శబ్దం. ఒకరి గొంతు గుసగుసలా, తర్వాతివారిది అరుపులా వస్తే హాల్లో ఎవరో ఒకరు లేచి వాల్యూమ్ తిప్పుతూనే ఉంటారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, క్లిప్పు మారే ప్రతి చోటా ఐదు సెకన్లు వినండి. తేడా తెలిసిన చోట తక్కువదాన్ని పెంచండి. పాట ఫోటోల కింద మాత్రమే పెట్టండి. మాటల కింద పెడితే హాలు స్పీకర్లలో మాట మునుగుతుంది. వీడియోను తర్వాత యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే సినిమా పాట మీద హక్కుల అభ్యంతరం రావచ్చు, యూట్యూబ్ వాళ్ల ఉచిత ఆడియో లైబ్రరీలోది వాడండి.

కొన్ని ఫోన్ల వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. అప్పుడు మాట ముందు, పెదవి తర్వాత కదులుతుంది. కంప్యూటర్ ఉంటే ffmpeg అనే ఉచిత ప్రోగ్రాంతో అన్ని క్లిప్పుల్నీ ముందే ఒకే రకంగా మార్చుకోండి. కింది వరుసను కమాండ్ విండోలో, ఒక్కో క్లిప్పుకూ ఫైలు పేర్లు మార్చుకుంటూ ఇవ్వాలి. పెదవి తేడాకూ, శబ్దం హెచ్చుతగ్గులకూ రెంటికీ ఇది పనిచేస్తుంది:

```
ffmpeg -i 07_attender.mp4 -vf "scale=1920:1080:force_original_aspect_ratio=decrease,pad=1920:1080:(ow-iw)/2:(oh-ih)/2,setsar=1,fps=30" -af loudnorm=I=-16:TP=-1.5 -ar 48000 -ac 2 -c:v libx264 -crf 18 -pix_fmt yuv420p -c:a aac 07_ok.mp4
```

నిలువు క్లిప్పుకు ఇది రెండు పక్కలా నల్ల పట్టీలు వేస్తుంది. మసక నేపథ్యం కావాలంటే ఆ ఒక్కదాన్నీ ఎడిటింగ్ యాప్‌లోనే చేసుకోండి.

పేర్ల దగ్గర తెలుగు ఒత్తులు విరగడం ఇంకో బెడద. మొదటి పేరు వేసే ముందు "లక్ష్మీజ్యోత్స్న" అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడితే ముందు ఫాంటు మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే ఆ యాప్‌లో తెలుగు రాయకండి. ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో పేరు పట్టీ చేసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి వీడియో మీద పెట్టండి. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు, పెద్దవిగా. మధ్యాహ్నం వెలుతురున్న హాల్లో ప్రొజెక్టరు మీద సన్న అక్షరాలు కనిపించవు. పేరు, హోదా చాలు, నాలుగు సెకన్లు ఉంచండి. స్పెల్లింగ్ ఆ మనిషినే అడిగి రాయండి, ఇంటిపేరులో పొరపాటు అందరికన్నా ముందు వాళ్లకే కనిపిస్తుంది.

7. సరిచూడడం

మూడుసార్లు చూడండి, ప్రతిసారీ ఒకే పని. మొదట శబ్దం ఆపేసి: పేర్లు, నల్ల ఫ్రేములు, వెనక కనిపించే కాగితాలు. తర్వాత కళ్లు మూసుకుని: హెచ్చుతగ్గులు, తెగిన అక్షరాలు. మూడోసారి జాబితా చేతిలో పెట్టుకుని: ఒక్కో పేరుకూ టిక్కు. ఆ తర్వాత మేడంకి బాగా దగ్గరైన ఒకరికి చూపించండి. వాళ్లు ఎక్కడైనా ముఖం చిట్లిస్తే ఆ ముక్క తీసేయండి, కారణం అడగాల్సిన పని లేదు.

సేవ్ చేసేది హెచ్.264 ఎంపీ4గానే. 8 నిమిషాలకు 10 ఎంబీపీఎస్ దగ్గర సుమారు 600 ఎంబీ అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉంచండి.

30న హాల్లోనే, ఆ ప్రొజెక్టరు మీదే, ఆ స్పీకర్లతోనే మొత్తం ఆడించి చూడండి. ఎక్కువసార్లు తప్పేది ఇక్కడే. హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే లాప్‌టాప్ శబ్దాన్ని ప్రొజెక్టరుకు పంపేస్తుంది. ప్రొజెక్టరుకు స్పీకరు లేకపోతే బొమ్మ ఆడుతుంది, మాట వినపడదు. సౌండ్ సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఎంచుకుని, అక్కడి నుంచి ఆంప్లిఫయరుకు తీగ పెట్టండి. మైకును స్పీకరు ముందు పెట్టి వినిపించే పద్ధతి వద్దు, సగం మాటలు పోతాయి. ఇరవై మంది లోపు అయితే ప్రొజెక్టరు బదులు టీవీయే మేలు. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి పెడుతుంటే ఆ టీవీ ఆ ఫైలును తెరుస్తోందో లేదో కూడా ఆ రోజే తేలాలి. లాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, నిద్రలోకి వెళ్లే సెట్టింగూ ఆపేయండి.

సభలో ఎప్పుడు వేయాలి? ఉపన్యాసాలన్నీ అయి, శాలువా కప్పాక, మేడం మాట్లాడడానికి లేచే ముందు. భోజనాల వేళ వేస్తే ప్లేట్ల చప్పుడే వినిపిస్తుంది. మేడం మాట్లాడేశాక వేస్తే, అందులో విన్నవాటికి ఆమె బదులు చెప్పే వీలుండదు. వీడియో అయిపోగానే మైకు ఇచ్చేయకండి, మంచినీళ్లు అందించి ఒక నిమిషం ఆగండి.

ఇంటికి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో వీడియోతో పాటు కోయని అసలు క్లిప్పులు కూడా వేరే ఫోల్డరులో పెట్టి ఇవ్వండి. మీరు కోసేసిన "ఆయురారోగ్యాలతో" అన్నీ అందులో ఉంటాయి. పంపినవాళ్లకు కూడా ఆ సంగతి చెప్పండి, తమ మాటలు పోయాయన్న పితూరీ ఉండదు.